ఇసుక గట్టును నీళ్ళు కోసిన రోజు

1967 జూన్ యుద్ధం ముగిసేసరికి ఇజ్రాయెల్ సైన్యం సినాయ్ ఎడారి మొత్తాన్ని ఆక్రమించి సూయజ్ కాలువ తూర్పు ఒడ్డున నిలబడింది. పడమటి ఒడ్డున ఈజిప్టు సైన్యం. మధ్యలో దాదాపు 200 మీటర్ల వెడల్పున నీళ్ళు. అవతలి నుంచి ఫిరంగి గుళ్ళు వచ్చి పడుతుంటే ఒడ్డున కాపలా ఉన్నవాళ్ళు తలదాచుకోవడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. అలా మొదలైందే బార్ లెవ్ రేఖ. దాన్ని కట్టించిన నాటి సైన్యాధిపతి హైమ్ బార్ లెవ్ పేరే దానికి వచ్చింది.

కాలువ పొడవునా నీటి అంచు నుంచే నిటారుగా లేచే ఇసుక గట్టు పోశారు. కొన్నిచోట్ల దాని ఎత్తు 20 మీటర్లు దాటేది. గట్టు వెంట అక్కడక్కడ, దాదాపు 30 చోట్ల, భూమిలోకి దిగిన బంకర్లతో చిన్న చిన్న స్థావరాలు కట్టారు. వాటిని కలుపుతూ రోడ్లు వేశారు. గట్టు వెనక, ట్యాంకు ఎక్కి నిలబడి కాలువ మీదికి కాల్పులు జరిపేందుకు వీలుగా మట్టి దిబ్బలు సిద్ధం చేశారు.

ఈ రేఖ గురించి ఇజ్రాయెల్ సైన్యంలోనే గట్టి వాదన నడిచింది. ఏరియల్ షారోన్, ఇజ్రాయెల్ తాల్ వంటి సేనానులు దీన్ని వ్యతిరేకించారు. ఒడ్డున మనుషుల్ని కట్టిపడేస్తే వాళ్ళు శత్రు ఫిరంగులకు లక్ష్యాలవుతారు తప్ప శత్రువును ఆపలేరని వాళ్ళ అభిప్రాయం. ట్యాంకులను వెనక్కి ఉంచి, శత్రువు దాటి వచ్చాక కదిలి కొట్టాలన్నారు. ఒక్క అంగుళం కూడా వదలకూడదన్న రాజకీయ పట్టుదల మరోవైపు. చివరికి రెండింటి మధ్య రాజీ కుదిరింది. స్థావరాలు ఉంటాయి, కానీ అన్నింటిలో మనుషులుండరు. ట్యాంకులు వెనక ఉంటాయి, కానీ అవసరమైతే ఒడ్డుకు పరుగెత్తాలి. నా దృష్టిలో అసలు లోపం ఈ రాజీలోనే ఉంది. కాపలా కాయడానికి కట్టినదాన్ని కోటగా లెక్కవేశారు. కోటకు కావాల్సిన బలం మాత్రం ఇవ్వలేదు.

అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆరేళ్ళ సమయం దొరికింది. కదలని రక్షణ రేఖ శత్రువుకు ఇచ్చే పెద్ద కానుక ఇదే. ఆ గోడ రేపూ అక్కడే ఉంటుంది, ఎల్లుండీ అక్కడే ఉంటుంది. కొలుచుకోవచ్చు, నమూనా కట్టుకోవచ్చు, తప్పు చేసి మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఈజిప్టు సైన్యం సరిగ్గా అదే చేసింది. తమ దేశంలోని నీటి కాలువల మీద అచ్చం అలాంటి గట్లే పోసుకుని, పడవ దించడం దగ్గర నుంచి తాళ్ళ నిచ్చెన వేయడం దాకా ప్రతి సైనికుడి చేతా అతని ఒక్క పనినే పదేపదే చేయించింది.

వాళ్ళకు అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ ఇసుక గట్టే. మనుషులు దాన్ని ఎక్కి దిగగలరు. ట్యాంకులు ఎక్కలేవు. వంతెన వేసినా గట్టులో దారి తెరవకపోతే ఆ వంతెన వల్ల లాభం లేదు. ఒక్కో దారికి 1,500 ఘనపు మీటర్ల ఇసుక తొలగించాలి. మందుగుండుతో ఆ పని చేయాలంటే 60 మంది మనుషులు, 270 కిలోల దాకా పేలుడు పదార్థం, ఒక బుల్‌డోజరు, ఐదారు గంటల సమయం కావాలని అప్పటి ఈజిప్టు సైన్యాధిపతి సాద్ ఎల్ షాజ్లీ తర్వాత తన జ్ఞాపకాల్లో లెక్క చెప్పాడు. అదీ ఎవరూ కాల్పులు జరపకపోతేనే. ఇలాంటి దారులు వాళ్ళకు 70 కావాలి.

దీనికి పరిష్కారం చెప్పినవాడు బాకీ జాకీ యూసఫ్ అనే ఇంజినీరింగ్ అధికారి. ఆయన అంతకుముందు అస్వాన్ ఆనకట్ట దగ్గర పనిచేశాడు. అక్కడ ఇసుకను పెద్ద ఒత్తిడి గల నీటి ధారతో కరిగించి తరలించేవాళ్ళు. అదే పద్ధతి ఇక్కడా వాడవచ్చన్నాడు. కాలువ నిండా నీళ్ళున్నాయి, పంపులు పడవల మీద పెడితే చాలు. పెరట్లో పోసిన ఇసుక కుప్ప మీద గొట్టంతో నీళ్ళు పడితే ఏమవుతుందో తెలిసిన వాళ్ళకెవరికైనా ఇది అర్థమవుతుంది. పరీక్షించి చూస్తే రెండు మూడు గంటల్లో దారి తెగింది. ఈజిప్టు బ్రిటన్ నుంచి, తర్వాత జర్మనీ నుంచి పంపులు కొన్నది. ఏ ఆయుధాల కొనుగోలు పట్టికలోనూ కనిపించని సాధారణ పంపులవి.

గట్టు ఒక్కటే అడ్డం కాదు. గట్టు తెగేదాకా, వంతెనలు పడేదాకా, ట్యాంకులు లేని పదాతి దళం అవతలి ఒడ్డున ఇజ్రాయెల్ ట్యాంకులకు ఎదురు నిలవాలి. అందుకని ముందుగా దాటే సైనికులకు భుజాన మోసుకెళ్ళే ఆర్‌పీజీలు, తీగతో నడిపే మాల్యుత్కా క్షిపణులు ఇచ్చారు. ఆ క్షిపణి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ట్యాంకును కొట్టగలదు. పడమటి ఒడ్డున తమ గట్టును ఇంకా ఎత్తుగా పెంచి, అక్కడి నుంచి కాలువ మీదుగా అవతలి లోతట్టు ప్రాంతంలోకి కాల్పులు జరిపేలా చేసుకున్నారు. ఇజ్రాయెల్ విమానాలు దగ్గరికి రాకుండా వెనక విమాన విధ్వంసక క్షిపణులను బారులు తీర్చారు.

ఇక దాడి రోజు. అది యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్. ఇజ్రాయెల్ సైన్యంలో ఎక్కువ భాగం రిజర్వు సైనికులే, అంటే ఇళ్ళ దగ్గర నుంచి పిలిస్తే వచ్చేవాళ్ళు. వాళ్ళు చేరడానికి కనీసం రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల ముందస్తు హెచ్చరిక తప్పకుండా దొరుకుతుందన్న నమ్మకం మీదే రక్షణ ప్రణాళిక అంతా నిలిచింది. నిజానికి కచ్చితమైన కబురు ఆ తెల్లవారుజామున వచ్చింది. అదీ దాడి సాయంత్రం ఆరు గంటలకని. మధ్యాహ్నం రెండుకే అది మొదలైంది. స్థావరాల్లో 16 చోట్ల మాత్రమే మనుషులున్నారు. మొత్తం 450 మంది. జెరూసలేం ప్రాంతపు రిజర్వు బ్రిగేడుకు చెందినవాళ్ళు. నీటి అంచున ఉండాల్సిన ట్యాంకుల్లో చాలా కొద్ది మాత్రమే అక్కడున్నాయి. దాడి జరిగితే కాలువ నీటి మీద మండే నూనె వదలాలని ఎప్పుడో ఒక ఏర్పాటు చేశారు. కొన్నిచోట్లే దాన్ని పూర్తిచేశారు, తర్వాత పట్టించుకోలేదు. అసలు ఆ మూతులను ముందురాత్రే మూసేశామని ఈజిప్టు వాళ్ళు చెబుతారు. ఏమైనా, ఆ రోజు కాలువ మండలేదు.

రబ్బరు పడవల్లో తొలి వరుసగా దాదాపు 4,000 మంది దాటారు. వాళ్ళు స్థావరాలతో పోరాడుతూ కూర్చోలేదు. చాలావాటి మధ్య ఖాళీ ప్రదేశాల్లోంచి ముందుకు వెళ్ళిపోయారు. ఇజ్రాయెల్ ట్యాంకుల కోసం కట్టి ఉంచిన దిబ్బల మీద ముందుగా వీళ్ళే ఎక్కి కూర్చున్నారు.

అప్పుడు జరిగినదే ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసే భాగం. స్థావరాల్లో చిక్కుకున్నవాళ్ళు రేడియోలో సాయం అడుగుతున్నారు. వాళ్ళను వదిలేసి వెనక్కి తగ్గమనే ఆజ్ఞ సమయానికి రాలేదు. ట్యాంకు దళాలు తమవాళ్ళను కాపాడుకోవడానికి చిన్నచిన్న గుంపులుగా ఒడ్డుకు పరుగెత్తాయి, పదాతి దళం తోడు లేకుండా. దిబ్బల మీద కాచుకున్న ఆర్‌పీజీలు, క్షిపణులు వాటిని ఒక్కొక్కటిగా పట్టుకున్నాయి. సినాయ్ ముందు భాగంలో దాదాపు 280 ట్యాంకులతో మొదలైన దళానికి మర్నాడు ఉదయానికి మిగిలినవి 110 దాకా మాత్రమే. కోటలు శత్రువును ఆపలేదు సరికదా, ఆపగలిగిన బలగాన్ని శత్రువు ఎంచుకున్న చోటికి లాక్కొచ్చాయి.

ఆ రాత్రి పదిన్నరకల్లా గట్టులో 60 దారులు తెరిచామని, ఎనిమిది పెద్ద వంతెనలు వేశామని షాజ్లీ రాశాడు. అంతా సాఫీగా సాగలేదు. దక్షిణాన మూడో సైన్యం దాటిన చోట మట్టి తీరు వేరు. నీళ్ళు పడేసరికి ఇసుక బదులు బురద మిగిలి, దారి తెరవడం చాలా ఆలస్యమైంది. అయినా తక్కిన చోట్ల గట్టు తెగింది. తర్వాతి రోజుల్లో స్థావరాలు ఒకటొకటిగా పడిపోయాయి, లేదా ఖాళీ అయ్యాయి. దక్షిణ కొసన మెజాక్ అనే స్థావరం అక్టోబరు 13న రెడ్‌క్రాస్ సమక్షంలో లొంగిపోయింది. ఉత్తర కొసన బుడాపెస్ట్ అనే స్థావరం ఒక్కటే చివరిదాకా నిలిచింది. దానికి కాలువ అంచున లేని అనుకూలమైన చోటు, వెనక నుంచి అందే సాయం తోడయ్యాయి.

ఇదే తప్పు 1940లో ఫ్రాన్సులోనూ కనిపిస్తుంది, కాకపోతే మరో రూపంలో. మాజినో రేఖ కోటలను జర్మన్లు బద్దలుకొట్టలేదు. అవి చాలావరకు లొంగుబాటు దాకా నిలిచాయి. ఫ్రాన్సు తన చురుకైన బలగాన్ని బెల్జియం, హాలండ్‌ల వైపు పంపేసింది. ఆర్డెన్ అడవుల్లోంచి వచ్చి సెడాన్ దగ్గర నది దాటినవాళ్ళకు ఎదురు వెళ్ళడానికి వెనక చెప్పుకోదగ్గ రిజర్వు సైన్యం మిగల్లేదు. గోడ తన పని చేసింది. గోడ ఇచ్చిన సమయాన్ని వాడుకోవాల్సిన సైన్యమే లేదు.

సూయజ్ కథకు మరో మలుపు ఉంది. దాటి వచ్చిన ఈజిప్టు సైన్యం కొద్ది కిలోమీటర్ల లోతులో ఆగి, క్షిపణుల నీడలో తానే ఒక రక్షణ రేఖగా మారింది. అక్టోబరు 14న ఆ నీడ దాటి ముందుకు కదిలి, ఒక్క రోజులో రెండు వందలకు పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. మర్నాటి రాత్రి ఇజ్రాయెల్ దళాలు ఈజిప్టు రెండో సైన్యానికీ మూడో సైన్యానికీ మధ్య అతుకులో దూరి, గ్రేట్ బిట్టర్ సరస్సుకు ఉత్తరాన కాలువను ఎదురు దిశలో దాటాయి. ఆ చోటును షారోన్ దక్షిణ సేనల అధిపతిగా ఉన్నప్పుడే సిద్ధం చేయించాడు. అక్కడ గట్టును పల్చగా ఉంచి, గుర్తుకు ఎర్ర ఇటుకలు పేర్పించాడు. కాల్పుల విరమణ వచ్చేసరికి ఈజిప్టు మూడో సైన్యం చుట్టుముట్టబడి ఉంది. యుద్ధం మొదట్లో బార్ లెవ్ రేఖకు పట్టిన గతే వాళ్ళకూ పట్టింది. బలగమంతా ముందు వరుసలో ఉంది, వెనక ఆపేవాళ్ళు లేరు.

రెండు దేశాలూ ఆ తర్వాత గోడకు బదులు దూరాన్ని నమ్ముకున్నాయి. 1979 ఒప్పందం ప్రకారం సినాయ్‌ను మండలాలుగా విభజించారు. కాలువ వైపు ఈజిప్టు పరిమితమైన సైన్యాన్ని ఉంచుకోవచ్చు. సరిహద్దును ఆనుకున్న మండలంలో పోలీసులూ, అంతర్జాతీయ పరిశీలకులే ఉండాలి. ఎవరైనా దాడికి కదిలితే ఎడారి మొత్తం దాటాలి, ఆ కదలిక ముందే కనిపిస్తుంది. ఇజ్రాయెల్ 1982లో సినాయ్ నుంచి పూర్తిగా వైదొలగింది. అప్పటి నుంచి ఆ రెండు దేశాల మధ్య యుద్ధం జరగలేదు.