ఇన్‌స్క్రిప్ట్ తెలుగు: మీట మీది అక్షరం, కంప్యూటర్‌లోని అమరిక

ఇన్‌స్క్రిప్ట్ భారతీయ భాషలకు ఒకే పద్ధతిలో రూపొందించిన కీబోర్డు అమరిక. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం దీన్ని ప్రామాణికం చేసింది. 1991లో ఇది భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 13194లో చేరింది. దీనికి ప్రత్యేకమైన కీబోర్డు అక్కర్లేదు. మీట నొక్కినప్పుడు కీబోర్డు పంపేది ఆ మీట గుర్తింపు సంఖ్యను మాత్రమే. దాన్ని ఏ అక్షరంగా చూపాలో కంప్యూటర్‌లో ఎంచుకున్న లేఅవుట్ నిర్ణయిస్తుంది. అందువల్ల మామూలు ఇంగ్లిష్ కీబోర్డు మీదే తెలుగు టైపు చేయవచ్చు.

ఈ అమరిక తెలుగు వర్ణమాలనే అనుసరిస్తుంది. ఎడమ చేతి వైపు గుణింతపు గుర్తులు, కుడి చేతి వైపు హల్లులు ఉంటాయి. నడిమి వరుసలో H, K, L, ; , ' మీటలకు వరసగా ప, క, త, చ, ట వస్తాయి. వాటికి సరిగ్గా పై వరుసలోని Y, I, O, P, [ మీటలకు బ, గ, ద, జ, డ వస్తాయి. అంటే ప్రతి పరుషం పైనా దాని సరళం ఉంటుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే అదే మీట ఒత్తక్షరాన్ని ఇస్తుంది: K క అయితే, షిఫ్ట్‌తో ఖ.

ఎడమ వైపూ ఇదే తీరు. F గుడి, దాని పైనున్న R గుడిదీర్ఘం. G కొమ్ము, దాని పైనున్న T కొమ్ముదీర్ఘం. షిఫ్ట్ నొక్కితే గుర్తుకు బదులు అచ్చు వస్తుంది: F గుడి, షిఫ్ట్‌తో ఇ. D మీటకు పొల్లు, షిఫ్ట్‌తో అ. తెలుగుకు ప్రత్యేకంగా కావలసిన హ్రస్వ ఎత్వం Z మీద, ఒత్వం సంఖ్యల వరుసలో ఎడమ చివరి ` మీట మీద ఉన్నాయి.

అక్షరాలను పలికే వరసలోనే నొక్కాలి. ఒత్తు కావాలంటే రెండు హల్లుల మధ్య D నొక్కితే చాలు. 'విద్యార్థి' అన్న మాటను చూద్దాం. B, F నొక్కితే 'వి'. O, D, / , E నొక్కితే 'ద్యా'. J, D, షిఫ్ట్ L, F నొక్కితే 'ర్థి'. తెరమీద ఒత్తు ఎటు పక్క కనిపించినా నొక్కే వరస మారదు. మాట మొదట్లో అచ్చుకు షిఫ్ట్ నొక్కడం మరిచిపోతే గుణింతపు గుర్తు చుక్కల వలయం మీద కనిపిస్తుంది. అది కనిపిస్తే చెరిపేసి, షిఫ్ట్‌తో మళ్లీ నొక్కాలి.

విండోస్ 11లో ఈ లేఅవుట్‌ను Settings, Time & language, Language & region వరసగా తెరిచి, Telugu భాషను జోడించి తెచ్చుకోవచ్చు. ఆ భాష ఐచ్ఛికాల్లోని కీబోర్డుల జాబితాలో Telugu Phonetic కాకుండా, Telugu అన్నదాన్ని ఉంచుకోవాలి. ఫొనెటిక్ పద్ధతి ఇంగ్లిష్ స్పెల్లింగుతో పనిచేస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌తో దానికి సంబంధం లేదు. ఆ తరవాత విండోస్ మీటను పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. లినక్స్‌లో ఎక్స్11 వాడుతుంటే ఈ ఆదేశం ఇవ్వాలి. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది:

```
setxkbmap -layout us,in -variant ,tel -option grp:alt_shift_toggle
```

ఇలా మార్చుకునే అవసరం తరచూ వస్తుంది. కొటేషన్ గుర్తులు, సెమికోలన్, చదరపు బ్రాకెట్లు ఇంగ్లిష్‌లో ఉండే మీటలను ట, చ, డ తీసుకున్నాయి కాబట్టి వాటికోసం ఇంగ్లిష్‌కు వెళ్లాలి. పాస్‌వర్డ్ సరైనదే అయినా కంప్యూటర్ ఒప్పుకోకపోతే, ముందుగా టాస్క్‌బార్‌లో ఏ భాష ఉందో చూడాలి.

అక్షరాల చోటు చేతికి అలవాటయ్యేదాకా స్టిక్కర్లు ఉపయోగపడతాయి. ఇంగ్లిష్, తెలుగు రెండూ ఉన్న స్టిక్కర్లు మీటను పూర్తిగా కప్పేస్తాయి. పారదర్శకమైనవాటి మీద తెలుగు అక్షరాలే ఉంటాయి, మీట మీది ఇంగ్లిష్ అక్షరం కిందినుంచి కనిపిస్తుంది. మీటల కింద వెలిగే దీపాలున్న ల్యాప్‌టాప్‌కు పారదర్శకమైనవే నయం. డీటీపీ వాళ్లు వాడే వేరే లేఅవుట్ల స్టిక్కర్లూ ఉంటాయి కనుక కొనేముందు మూడు మీటలు సరిచూడాలి: H మీద ప, K మీద క, D మీద పొల్లు ఉంటే అది ఇన్‌స్క్రిప్ట్. సాధారణంగా కింద ఉన్న అక్షరం మామూలుగా నొక్కితే వచ్చేది, పైనున్నది షిఫ్ట్‌తో వచ్చేది.

అతికించే ముందు కంప్యూటర్ ఆపి, మీటలను స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వాలి. జిడ్డు మిగిలితే అంచులు త్వరగా లేస్తాయి. F, J మీటల మీద వేళ్లకు ఆనవాలుగా ఉండే చిన్న గీతలను స్టిక్కర్ కప్పకుండా చూడాలి. అన్నీ అతికించాక తెలుగు లేఅవుట్‌లోకి మారి, ఒక్కో మీటా నొక్కుతూ స్టిక్కర్ మీది అక్షరమే తెర మీదికి వస్తోందో లేదో చూడాలి. ఒకటి రెండు మీటల్లోనే తేడా వస్తే స్టిక్కర్లు తారుమారై ఉంటాయి. అన్నిటిలోనూ తేడా వస్తే ఎంచుకున్న లేఅవుట్ వేరేదని అర్థం. స్టిక్కర్లు పీకకుండా సెట్టింగ్స్‌లో దాన్ని మార్చుకోవాలి.