వాపు కంటి కింద, జబ్బు పంటి కింద

విజయవాడలో ఒక ఇంట్లో ఎనిమిదేళ్ళ పొమేరియన్ ఉంది. పేరు బుజ్జి. ఒకరోజు పొద్దున లేచేసరికి దాని కుడి కంటి కింద ఉసిరికాయంత వాపు. కందిరీగ కుట్టిందనుకుని ఇంట్లోవాళ్ళు ఐసుముక్క పెట్టారు, తెలిసినవాళ్ళు చెప్పిన కంటిచుక్కలు వేశారు. తగ్గలేదు. దగ్గర్లోని మందులషాపు నుంచి యాంటీబయాటిక్ తెచ్చి వేస్తే ఐదు రోజుల్లో పూర్తిగా తగ్గిపోయింది. మూడు వారాలు తిరిగాక అదే చోట, అదే సైజులో మళ్ళీ లేచింది.

ఈసారి పశువుల డాక్టర్‌కి చూపించారు. ఆయన కంటి జోలికి పోలేదు. పై పెదవిని వెనక్కి, పైకి ఎత్తి పట్టుకుని, "అమ్మా, ఇటు చూడండి" అన్నారు. వెనక దవడలో, అన్నిటికంటే పెద్ద పన్ను మీద బెల్లం పాకం గడ్డకట్టినట్టు గోధుమరంగు పెచ్చు. దాని అంచున చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది.

పెద్ద కుక్కకు 42 పళ్ళుంటాయి. ఎముకైనా మాంసమైనా కత్తెరలా కోసేది మాత్రం ఈ పన్నే. పై దవడలో చెరో పక్క ఒక్కొక్కటి ఉంటుంది, ఒక్కో దానికి మూడు వేళ్ళు. ఆ వేళ్ళ కొసలు దాదాపు కంటి కిందిదాకా వెళ్తాయి. అందుకే కొసన చీము పడితే అది పైకి తన్ని చెంప మీద, కంటి కింద తేలుతుంది. ఒక్కోసారి చర్మం చీల్చుకుని కారుతుంది కూడా. యాంటీబయాటిక్ ఆ చీమును కొన్నాళ్ళు అణచగలదు గానీ పంటి లోపల చచ్చిపోయిన గుజ్జును ఏమీ చేయలేదు. వాపు తిరిగి రావడానికి కారణం అదే.

గార కూడా ఎక్కువగా పట్టేది ఈ పన్నుకే. చెంపలోని పెద్ద లాలాజల గ్రంథి గొట్టం సరిగ్గా దీని ఎదురుగా తెరుచుకుంటుంది. తిన్న కొన్ని గంటల్లోనే పంటి మీద సూక్ష్మజీవులతో జిగురులాంటి పాచి పేరుకుంటుంది. అది మెత్తగా ఉన్నంతసేపు బ్రష్షుతో పోతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు అందులో చేరి రాయిలా గట్టిపడతాయి. అదే గార. కుక్క లాలాజలానికి మనుషులకంటే క్షారగుణం ఎక్కువ కాబట్టి దాని పళ్ళు పుచ్చడం తక్కువ, గార పట్టడం ఎక్కువ. గట్టిపడ్డ గారను ఏ బ్రష్షూ, ఏ పేస్టూ తీయలేవు.

పైకి కనిపించే గార చూడ్డానికి వికారంగా ఉంటుంది, అంతే. చెరుపు చేసేది చిగురు కిందికి దిగే పాచి. ముందు చిగురు ఎర్రబడుతుంది. ఆ దశలో పళ్ళు శుభ్రం చేస్తే మళ్ళీ మామూలైపోతుంది. పట్టించుకోకపోతే చిగురుకీ పంటికీ మధ్య సందు పడి, పంటిని పట్టుకున్న ఎముక అరగడం మొదలవుతుంది. అరిగిన ఎముక తిరిగి రాదు. పొమేరియన్, షిట్జూ లాంటి చిన్న జాతులకు ఈ బాధ ఎక్కువ. చిన్న దవడలో పళ్ళన్నీ ఇరుకుగా సర్దుకోవాలి మరి.

కుక్కకు పళ్ళు తోమడమంటే నోరు తెరిపించి కుస్తీ పట్టాలని చాలామంది భయపడతారు. నోరు తెరిపించాల్సిన పనే లేదు. లోపలివైపును నాలుక చాలావరకు శుభ్రం చేసుకుంటుంది. తోమాల్సింది బయటివైపు, ముఖ్యంగా వెనక పళ్ళు. మొదటి వారం పెదవి ఎత్తి వేలితో పళ్ళు తాకి, ఏదైనా తినడానికిచ్చి వదిలేయాలి. రెండో వారం వేలికి తడిగుడ్డ చుట్టి రుద్దాలి. ఆ తర్వాతే బ్రష్షు. చిన్న కుక్కకైతే చంటిపిల్లల మెత్తటి బ్రష్షు చాలు. మూతిని ఒక చేత్తో మూసి పట్టుకుని, పెదవి మూలను వెనక్కి లాగి, బ్రష్షును చిగురూ పన్నూ కలిసే గీత మీద ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. ఒక్కో పక్కకు అర నిమిషం చాలు. పాచి గట్టిపడేది రెండు మూడు రోజుల్లోనే కనుక వారానికోసారి తోమితే దాదాపు ఫలితముండదు. రోజూ తోమాలి.

మన పేస్టు మాత్రం వద్దు. కుక్క ఉమ్మేయదు, మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీయవచ్చు. కుక్కల పేస్టు దొరక్కపోతే వట్టి నీళ్ళతో తోమినా మేలే. నోరు ఇప్పటికే నొప్పిగా ఉన్న కుక్కకు మాత్రం కొత్తగా తోమడం మొదలెట్టకూడదు. ఒకసారి నొప్పి తగిలిందంటే అది ఇక బ్రష్షును దగ్గరికి రానివ్వదు.

బుజ్జి సంగతిలో గారతోపాటు ఇంకొకటుంది. ఆదివారం ఆదివారం దానికి మటన్ ఎముక పడేది. గట్టి ఎముకను ఈ పంటితో కొరికినప్పుడు బయటివైపు పెచ్చు లేచిపోవడం తరచూ జరిగేదే. డాక్టర్ గార తొలగించాక కింద పన్ను విరిగి, లోపలి గుజ్జు బయటపడి కనిపించింది. ఆ సందులోంచే సూక్ష్మజీవులు వేళ్ళ దాకా దిగాయి. గోటితో నొక్కితే సొట్టపడని వస్తువేదీ నమలడానికి ఇవ్వకూడదన్నది పళ్ళ డాక్టర్లు చెప్పే గుర్తు. నెలల తరబడి బుజ్జి ఎడమపక్కనే నమిలేదని, అప్పుడప్పుడూ గింజలు నోట్లోంచి జారిపడేవని ఇంటావిడకు అప్పుడు గుర్తొచ్చింది. నమలని పక్కన గార మరింత పేరుకుంటుంది.

గార ఉందనో, నోరు కంపు కొడుతోందనో పన్ను పీకరు. గుజ్జు బయటపడినా, వేరు కొసన చీము పట్టినా, పంటి చుట్టూ ఎముక సగానికి పైగా కరిగినా, పన్ను ఊగుతున్నా పీకక తప్పదు. విరిగిన పంటికి రూట్ కెనాల్ చేసి నిలబెట్టే వీలూ ఉంది గానీ కుక్కలకు అది చేసేవాళ్ళు అంతటా దొరకరు. ఈ తేడాలన్నీ పైనుంచి చూస్తే తెలియవు. పంటిలో ఎక్కువభాగం చిగురు కిందే ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే కావాలి, ఎక్స్‌రేకు కదలకుండా ఉండాలి, అందుకు పూర్తి మత్తు కావాలి. మత్తు లేకుండా గార గీకేస్తామనేవాళ్ళు పైపై మెరుపు ఇవ్వగలరు గానీ చిగురు కిందికి పోలేరు.

రక్తపరీక్ష, గుండె పరీక్ష అయ్యాక బుజ్జికి మత్తిచ్చి శ్వాసనాళంలో గొట్టం పెట్టారు. కడిగే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేదీ ఆ గొట్టమే. ఎక్స్‌రేలో వేళ్ళ కొసల చుట్టూ నల్లటి నీడ. దవడకు తిమ్మిరి సూది వేసి, చిగురును రెక్కలా లేపి, పంటిని మూడు ముక్కలుగా కోసి ఒక్కో వేరును విడిగా వదులు చేశారు. ఇక్కడ తొందరపడితే వేరు కొస లోపలే విరిగి ఉండిపోతుంది. అందుకే తీశాక మళ్ళీ ఎక్స్‌రే తీసి, ఏమీ మిగల్లేదని చూసుకుని, కరిగిపోయే దారంతో చిగురు కుట్టారు.

రెండు వారాలు మెత్తటి పెరుగన్నమే. మూడో రోజుకే కంటి కింద వాపు పోయింది. ఎడమ పక్క పంటి దగ్గర సందు 4 మిల్లీమీటర్లు వచ్చింది. కుక్కలో 3 దాకా మామూలే. ఎముక కొద్దిగానే తగ్గింది కాబట్టి దాన్ని శుభ్రం చేసి, పాలిష్ పెట్టి ఉంచేశారు. ఆరు నెలలకు మళ్ళీ కొలుస్తారు. ఇప్పుడు రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆ ఇంటి పిల్లవాడు బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ పంటి దగ్గరే ముందు మొదలెడుతున్నాడు.