పిల్లలలో క్షయ

పిల్లలలో క్షయ సాధారణంగా ఇంటిలోని పెద్దల దగ్గు ద్వారా సంక్రమించే వ్యాధి.

దీని నిర్ధారణ కష్టం. చిన్నపిల్లలు కఫాన్ని ఉమ్మలేక మింగివేస్తారు. వారి కఫంలో క్రిములు కూడా తక్కువ. అందువలన ఉదయాన్నే పరగడుపున ముక్కు ద్వారా గొట్టం వేసి, జీర్ణాశయంలోని ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. అందులో క్రిములు కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పరాదు. లక్షణాలను, ఎక్స్-రేను, ఇంటిలో రోగి ఉన్న విషయాన్ని కలిపి వైద్యులు నిర్ణయిస్తారు.

ఉదాహరణకు, నల్గొండ జిల్లా చిట్యాలలో ఒక తండ్రి కఫంలో క్షయ క్రిములు బయటపడ్డాయని, ఇంటిలో 10 కిలోల బరువున్న రెండేళ్ళ పాప ఉన్నదని అనుకొందాం. ముందుగా పాపకు దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం, మెడలో గడ్డలు ఉన్నాయేమో చూస్తారు. ఉంటే పూర్తి పరీక్షలు జరపాలి. ఏవీ లేనిచో చర్మ పరీక్ష కొరకు ఆగకుండా ఐసోనియాజిడ్ మందును కిలోకు 10 మి.గ్రా. చొప్పున, అనగా రోజుకు 100 మి.గ్రా., 6 నెలలు ఇవ్వవచ్చును.

వ్యాధి ఉన్న బిడ్డకు ఈ ఒక్క మందే ఇస్తే క్రిములు దానికి లొంగకుండా పోవచ్చును. తండ్రి క్రిములు ఐసోనియాజిడ్‌కు లొంగనివైతే ఈ మందు పాపను కాపాడదు. బిడ్డ ఆరోగ్యంగానే ఉన్నదని మందును మధ్యలో మానివేయడం మరొక పొరపాటు.