ఉందా, లేదా? హెల్త్ యాప్ తెర మీద తెలుగు

ఒంట్లో బాగోలేనప్పుడు ఏం చేయాలో చెప్పే హెల్త్ యాప్ సాధారణంగా ఒక్కో తెర మీద ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ప్రశ్న కింద రెండు మూడు బటన్లుంటాయి. నొక్కిన బటన్‌ను బట్టి తరువాతి ప్రశ్న వస్తుంది. ఆఖరున 'ఇంట్లోనే చూసుకోవచ్చు', 'రేపటిలోగా డాక్టరుకు చూపించుకోండి', 'ఇప్పుడే 108కి ఫోన్ చేయండి' లాంటి మాటల్లో ఒకటి తేలుతుంది. ఎదురుగా డాక్టరుంటే, రోగి తికమకపడ్డాడని ముఖం చూసి గ్రహించి ప్రశ్నను మరోలా అడుగుతారు. తెరకు ఆ వీలు లేదు. రాసిన వాక్యమే మొదటిదీ, చివరిదీ.

తెలుగులో ఈ పనికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఉందో లేదో, చేయాలో వద్దో మన వాక్యం చివర్లోనే తేలుతుంది. ఇంగ్లీషు వాక్యాలకు కొలిచి కట్టిన తెరల్లో తెలుగును నింపితే ముందుగా దెబ్బతినేది ఆ చివరి ముక్కే. ఛాతీ నొప్పి గురించి అడిగే ప్రశ్నల్లో ఇది బాగా కనిపిస్తుంది.

బటన్ మీద ఏముండాలి?

చాలా యాప్‌లలో 'అవును', 'కాదు' అనే బటన్ల జతను ఒక్కసారి రాసి అన్ని ప్రశ్నలకూ తగిలిస్తారు. 'ఛాతీలో నొప్పి ఉందా?' అని అడిగితే తెలుగువాళ్లు 'ఉంది' అనో 'లేదు' అనో అంటారు. 'కాదు' అంటే అర్థమే మారిపోతుంది: అది నొప్పి కాదు, ఇంకేదో అని. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్న మనిషి 'నాది నొప్పి కాదు' అనుకుని ఆ బటన్ నొక్కితే, యాప్ ఆ మనిషికి ఏ బాధా లేదని లెక్క వేసుకుంటుంది.

వ్యతిరేకంగా అడిగిన ప్రశ్న ఇంకా ప్రమాదం. 'ఊపిరి సరిగ్గా ఆడటం లేదా?' అన్న ప్రశ్నకు ఒకరు 'అవును, ఆడటం లేదు' అనుకుని 'అవును' నొక్కుతారు. మరొకరు 'లేదు, ఆడటం లేదు' అనుకుని 'లేదు' నొక్కుతారు. ఇద్దరిదీ ఒకటే బాధ, నొక్కినవి మాత్రం ఎదురెదురు బటన్లు. అందుకే ప్రశ్న ఎప్పుడూ 'ఉందా?' అని సూటిగా ముగియాలి: 'ఆయాసం ఉందా?' బటన్ల మీద పూర్తి జవాబే రాయాలి: 'ఆయాసం ఉంది', 'ఆయాసం లేదు'. చోటు కాస్త ఎక్కువ పట్టినా ప్రశ్నను సగమే చదివినవాళ్లు కూడా పొరపడరు. 'సరిగ్గా తెలియడం లేదు' అనే మూడో బటన్ కూడా ఉండాలి. దాన్ని నొక్కినవాళ్లను 'లేదు' అన్నవాళ్లతో కలపకూడదు.

'దగ్గు లేదా ఆయాసం ఉందా?' అనేది మరో ఉచ్చు. రాసినవారికి ఇక్కడ 'లేదా' అంటే రెండింటిలో ఏదో ఒకటి అని. చదివేవారికి అది 'దగ్గు లేదా? ఆయాసం ఉందా?' అని రెండు ప్రశ్నల్లా వినిపించవచ్చు. దగ్గు ఉండి ఆయాసం లేనివాళ్లు ఏ బటన్ నొక్కాలో తేల్చుకోలేరు. రెండు లక్షణాలను రెండు తెరల మీద అడగడమే దీనికి మందు.

బాధకు జనం పెట్టిన పేరు

బటన్లు సరిచేశాక ప్రశ్నలోని మాటల సంగతి చూడాలి. గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామంది తమకున్నది 'నొప్పి' అనరు. బరువుగా ఉందనో, నొక్కినట్టుందనో, పట్టేసినట్టుందనో అంటారు. 'గుండెల్లో మంట' అని కొందరు, 'గ్యాస్ పట్టింది' అని మరికొందరు చెబుతారు. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండానే రావచ్చు. కాబట్టి ప్రశ్న ఇలా ఉంటే మేలు: 'ఛాతీలో నొప్పి గానీ, బరువు పెట్టినట్టు గానీ, పట్టేసినట్టు గానీ ఉందా?' దగ్గు, ఆయాసం వేర్వేరు లక్షణాలు కాబట్టి విడదీయాలి. ఇవి మాత్రం ఒకే బాధను చెప్పే రకరకాల మాటలు, కాబట్టి ఒకే తెర మీద ఉండవచ్చు.

ఆయాసానికీ ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. 'దమ్ము' అని తెలంగాణలో వినిపిస్తుంది, 'ఎగపోత' అనేవాళ్లూ ఉన్నారు. 'శ్వాసకోశ ఇబ్బంది' అని మాత్రం ఏ ఇంట్లోనూ అనరు. ముఖ్యమైన మాట ఒకటి పెద్ద అక్షరాల్లో పెట్టి, దాని కింద చిన్న వివరణ ఇస్తే సరిపోతుంది: 'ఆయాసం ఉందా? (దమ్ము రావడం, ఊపిరి అందనట్టు ఉండటం)'. ఎప్పుడు వస్తోందన్నది కూడా తేలాలి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం వేరు, కూర్చున్నా వచ్చే ఆయాసం వేరు. దాన్ని తరువాతి తెర మీద అడగాలి.

హెచ్చరికలో పని ముందు

హెచ్చరికలు తరచూ ఇలా తయారవుతాయి: 'మీరు నమోదు చేసిన లక్షణాల ఆధారంగా హృదయ సంబంధిత అత్యవసర పరిస్థితి తలెత్తే అవకాశం ఉన్నందున తక్షణమే వైద్య సహాయం పొందవలసిందిగా సూచించడమైనది.' చేయాల్సిన పని ఇంత వాక్యం దాటాక గానీ రాదు. ఎవరు చేయాలో, ఏం చేయాలో అప్పటికీ తేలదు. పైగా 'అవకాశం' అనే మాట మంచి జరిగేటప్పుడు వాడేది. అదే తెరను ఇలా రాయవచ్చు:

'ఇప్పుడే 108కి ఫోన్ చేయండి.
ఇది గుండెపోటు కావచ్చు.
మీరు బండి నడపవద్దు. పక్కన ఎవరినైనా ఉంచుకోండి.'

కింద ఒకే పెద్ద బటన్: '108కి ఫోన్ చేయండి'. హైదరాబాద్ కేంద్రంగా 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటికీ తెలిసిందే. 'అత్యవసర సేవలను సంప్రదించండి' అనే కంటే ఆ నంబరు రాయడమే స్పష్టం. అంత తొందర లేని చోట కూడా 'వీలైనంత త్వరగా' అనకూడదు. 'ఈ రోజే', 'రేపు సాయంత్రంలోగా' అని గడువు చెప్పాలి.

నోటిఫికేషన్లలో ఇంకో చిక్కు ఉంది. వాక్యం పొడవైతే ఫోన్ దాన్ని మధ్యలో కత్తిరించి చుక్కలు పెడుతుంది. 'డాక్టరును అడగకుండా ఈ మాత్ర వేసుకో…' అన్నంతవరకే కనిపిస్తే వేసుకోవాలో మానాలో తెలియదు, 'వద్దు' అనే ముక్క తెగిన భాగంలో ఉండిపోతుంది. 'ఈ మాత్ర వద్దు. ముందు డాక్టరును అడగండి' అని రాస్తే రెండో వాక్యం తెగినా ప్రమాదం ఉండదు.

ఒత్తులు తెగితే

ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు బిగించిన బటన్‌లో తెలుగు ఒత్తులు కింద తెగిపోతాయి. 'వాంతిలో రక్తం ఉందా?' అన్న ప్రశ్నలో తకారం ఒత్తు పోతే మిగిలేది 'రకం'. ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకున్న పెద్దవాళ్లకే ఇది ఎక్కువగా ఎదురవుతుంది. అందువల్ల బటన్ ఎత్తు లోపలి అక్షరాలను బట్టి పెరిగేలా కట్టాలి, వరుసల మధ్య ఎడం ఇంగ్లీషులో కంటే ఎక్కువ ఉంచాలి. సైజును బాగా పెంచి ప్రతి తెరనూ ఒకసారి చూసుకోవాలి.

పరీక్ష

తెరలు కుదిరాయో లేదో రాసినవారికి తెలియదు, కొత్తగా చదివేవారికి చూపించాలి. శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్ లాంటి వేర్వేరు జిల్లాలవాళ్లు, అరవై దాటినవాళ్లు, చదువు తక్కువున్నవాళ్లు అందులో ఉండాలి. 'అర్థమైందా?' అని అడిగితే మొహమాటానికి 'అయింది' అనేస్తారు. 'ఇది ఏం అడుగుతోందో మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. హెచ్చరిక చూపించి, 'ఇప్పుడు మీరేం చేస్తారు?' అనాలి. మాటలు మార్చిన ప్రతిసారీ డాక్టరు మళ్లీ చదవాలి, ఎందుకంటే తేలిక చేయబోయి వైద్యం అడిగే సంగతిని మార్చేసే ప్రమాదమూ ఉంది. 108 హెచ్చరిక చూసినవారు 'ఫోన్ చేస్తాను' అని కాక 'కాసేపు పడుకుంటాను' అన్నారంటే తప్పు వారిది కాదు, తెరది. దాన్ని మళ్లీ రాయాల్సిందే.