ఆరుకు ఎదురుగా పన్నెండు

జాతకచక్రం ముందు పెట్టుకోగానే అందరూ అడిగేవి పెళ్ళి, ఉద్యోగం, సంతానం. అంటే ఏడు, పది, అయిదు స్థానాలు. ఆరు, పన్నెండు స్థానాల మాటెత్తితే మాత్రం మొహాలు ముడుచుకుంటాయి. శత్రువులు, రోగాలు, అప్పులు ఆరింటివి. వ్యయం పన్నెండింటిది. ఎనిమిదితో కలిపి ఈ మూడూ దుస్థానాలని శాస్త్రమే ముద్ర వేసింది మరి.

అయితే అదే శాస్త్రం ఆరో స్థానానికి ఇంకో హోదా కూడా ఇచ్చింది. మూడు, ఆరు, పది, పదకొండు ఉపచయ స్థానాలు. వీటి ఫలం వయసుతోపాటు పెరుగుతుందని అర్థం. పాపగ్రహాలైన కుజుడు, శని ఆరింట ఉంటే మంచిదే అంటారు. అక్కడ ఉన్నది రోజూ ఎదురయ్యే ప్రతిఘటన కాబట్టి, దాన్ని తట్టుకోవడానికి మొండితనమే కావాలి. చాకిరీ, పోటీ, తిండి వేళలు, ఒంటిని ఎంత క్రమంగా చూసుకుంటామన్నది అన్నీ ఈ ఖాతాలోవే. ప్రాచీన గ్రీకు జ్యోతిష్కులు కూడా కుజుడికి ఆరో స్థానం, శనికి పన్నెండో స్థానం నచ్చుతాయని రాసుకున్నారు.

పన్నెండోది చేయి జారిపోయేవాటి స్థానం. డబ్బు, నిద్ర, దూరదేశం, ఏకాంతం, చివరికి మోక్షం కూడా ఇక్కడే. ఆశ్రమమూ జైలూ రెండూ ఈ ఇంట్లోనే చేరడం వింతగా అనిపిస్తుంది కానీ, రెండుచోట్లా మనిషి నలుగురి కళ్ళకూ దూరంగా ఉంటాడు. ఎవరూ చూడనప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది ఇక్కడ వెతుకుతారు. ఉగాది పంచాంగంలో వినిపించే ఆదాయ వ్యయాలకూ దీనికీ సంబంధం లేదు. అవి జన్మరాశిని బట్టి చెప్పేవి, ఇది లగ్నం నుంచి లెక్కపెట్టేది.

ఈ రెండు స్థానాలూ ఎదురెదురుగా ఉంటాయి. ప్రతి గ్రహమూ తానున్న చోటినుంచి ఏడో ఇంటిని చూస్తుంది గనుక, ఆరింట ఉన్న గ్రహం చూపు తప్పకుండా పన్నెండింటిమీద పడుతుంది. అందుకే ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని చదివితే సగమే చదివినట్టు.

ఒక ఊహాజాతకం తీసుకుందాం. సింహలగ్నం. లగ్నాన్ని ఒకటిగా లెక్కపెడితే ఆరోది మకరం, పన్నెండోది కర్కాటకం. మకరంలో స్వక్షేత్రంలో శని, కర్కాటకంలో స్వక్షేత్రంలో చంద్రుడు ఉన్నారనుకుందాం. తొందరపడే జ్యోతిష్కుడు దుస్థానాధిపతులు దుస్థానాల్లోనే ఉన్నారు, విపరీత రాజయోగం అని లేచిపోతాడు. నిదానంగా చూసేవాడు మాత్రం పని తీరు గురించి అడుగుతాడు. ఆరింటి శని నెమ్మదిగా, నియమంగా, పక్కవాళ్ళ పని కూడా నెత్తినేసుకుని చేసే మనిషిని సూచిస్తాడు. పన్నెండింటి చంద్రుడికి తేరుకోవడానికి ఏకాంతం కావాలి. శని చూపు ఆ చంద్రుడి మీదే ఉంది కాబట్టి, ఒంటరిగా కూర్చున్నా పని లెక్కలు వదలవు. నెలల తరబడి సెలవు పెట్టకుండా పనిచేసి, ఒకరోజు ఉన్నట్టుండి ఫోన్ ఎత్తడం మానేసే అలవాటు ఏమైనా ఉందా అన్నది అప్పుడు అడగదగ్గ ప్రశ్న. జవాబు జాతకంలో దొరకదు. సెలవుల పట్టీ, పడుకునే వేళలు రాసి చూసుకుంటే తెలుస్తుంది. అవి కాదంటే చక్రం చెప్పినదాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇందులో వ్యక్తిగతం ఎంతో కూడా చూడాలి. 1991, 1992 రెండేళ్ళూ శని మకరంలోనే ఉన్నాడు. లగ్నం ఒక్కో రాశిలో ఇంచుమించు రెండు గంటలుంటుంది. ఆ రెండేళ్ళలో రోజూ ఆ రెండు గంటల్లో పుట్టిన సింహలగ్నం వాళ్ళందరికీ ఆరింట శనే! చంద్రుడు కర్కాటకంలో రెండుంపావు రోజులే ఉంటాడు గనుక గుంపు కొంత తగ్గుతుంది, అంతే. ఇక లగ్నం మారే అంచున పుట్టినవాళ్ళకు జననసమయం అయిదు నిమిషాలు తప్పినా ఆరోది అయిదోది అయిపోతుంది. పెద్దవాళ్ళు జ్ఞాపకంమీద చెప్పిన సమయంతో వేసిన చక్రాల్లో ఇది తరచూ జరిగేదే.

రోగస్థానం అన్న పేరుతోనే అసలు ప్రమాదం. ఆరింటిని చూసి ఫలానా జబ్బు వస్తుందనో రాదనో చెప్పడం వైద్యుడి కుర్చీలో కూర్చోవడమే. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో చురుకైన పిల్లలవీ, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవీ కలిపి 200 జాతకాలు సేకరించి, ఒక్కొక్క జ్యోతిష్కుడికి 40 చొప్పున పంపి, ఏవి ఎవరివో విడదీయమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సగటున 46 శాతం సరిపోయాయి, అంటే బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికన్నా మెరుగేం కాదు. 40లో 24 సరిగ్గా చెప్పినవాడే అందరికన్నా ముందున్నాడు.