ఫొటోషాప్‌లో క్విక్ సెలెక్షన్ టూల్: వస్తువు అంచు తెగకుండా బ్యాగ్రౌండ్ తీయడం ఎలా?

మొన్న నా పాత హెడ్‌ఫోన్స్ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. ఫొటో తీసింది నా టేబుల్ మీదే. వెనకాల నల్ల ల్యాప్‌టాప్ బ్యాగ్, ఛార్జర్ వైర్లు, టీ కప్పు. బ్యాగ్రౌండ్ తీసేసి పోస్ట్ చేస్తే ఒకతను అడిగిన మొదటి ప్రశ్న: "బ్రో, ఎడమవైపు కుషన్ చిరిగిందా?" కుషన్ బాగానే ఉంది. దాని అంచుని నేనే ఫొటోషాప్‌లో కోసేశాను!

క్విక్ సెలెక్షన్ టూల్‌కి హెడ్‌ఫోన్స్ అంటే ఏంటో తెలీదు. మనం బ్రష్‌తో గీసిన చోట ఉన్న రంగు, టెక్స్చర్‌ని చూసి, అవి మారే అంచు దాకా సెలెక్షన్‌ని పెంచుకుంటూ పోతుంది. నల్ల కుషన్ వెనక నల్ల బ్యాగ్ ఉంటే అక్కడ దానికి అంచు కనపడదు. బ్యాగ్ కూడా సెలెక్ట్ అయింది. దాన్ని తీసేసే తొందరలో కుషన్ కూడా కొంచెం పోయింది.

రెండోసారి ఇలా చేశాను. W నొక్కి టూల్ తీసుకున్నాను (అదే చోట వేరే టూల్ కనిపిస్తే దాని మీద నొక్కి పట్టుకుంటే లిస్ట్ వస్తుంది). హెడ్‌బ్యాండ్ లాంటి పెద్ద భాగాల మీద పెద్ద బ్రష్‌తో గీసి, అంచుల దగ్గరకి రాగానే [ కీతో బ్రష్ చిన్నది చేశాను. పెంచాలంటే ] కీ. టీ కప్పు సెలెక్ట్ అయిపోతే Alt పట్టుకుని దాని మీద గీస్తే చాలు, వదిలేస్తుంది. హెడ్‌బ్యాండ్ కింద ఖాళీలోంచి కనిపించే టేబుల్‌ని కూడా ఇలాగే తీసేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

బ్యాగ్, కుషన్ కలిసిపోయిన చోట మాత్రం ఈ టూల్‌తో కుస్తీ పట్టడం వేస్ట్. అక్కడ బ్యాగ్‌ని కొంచెం అలాగే ఉండనిచ్చి, Delete కొట్టకుండా లేయర్స్ ప్యానెల్ కింద ఉన్న Add layer mask బటన్ నొక్కాను. మాస్క్ అయితే ఏదీ శాశ్వతంగా పోదు. 200% జూమ్ చేసి, మాస్క్ మీద చిన్న నల్ల బ్రష్‌తో బ్యాగ్‌ని చెరిపాను. కుషన్ తెగితే X నొక్కి తెల్ల రంగుకి మారి మళ్లీ గీస్తే వెనక్కి వచ్చేస్తుంది.

అంచు సరిగ్గా వచ్చిందో లేదో తెల్ల బ్యాగ్రౌండ్ మీద ఒక్కటే చూస్తే మోసపోతాం. కింద ఒక ఎర్ర లేయర్ పెట్టి చూడండి. మిగిలిన టేబుల్ ముక్కలు, కుషన్‌లో నొక్కులు వెంటనే బయటపడతాయి. అంచు చుట్టూ టేబుల్ రంగు సన్నని గీతలా ఉంటే Select and Mask తెరిచి, Shift Edge ని కొద్దిగా మైనస్‌లోకి జరిపితే పోతుంది. నాకు -15 సరిపోయింది. అంతకంటే ఎక్కువ జరిపితే సన్నటి కేబుల్ మాయమవడం మొదలైంది.

అన్నట్టు, హెడ్‌బ్యాండ్ మీద నిజంగానే ఒక గీత ఉంది. దాన్ని మాత్రం అలాగే ఉంచాను.