ఒక్కో విడతలో ఎన్ని చేస్తే లాభం?

ఒకే యంత్రం మీద రకరకాల వస్తువులను విడతల వారీగా తయారుచేసే కర్మాగారంలో, ఒక్కో విడతలో ఎన్ని చేస్తే ఏడాది మొత్తం ఖర్చు అన్నిటికన్నా తగ్గుతుందో ఆ సంఖ్యే ఎకనామిక్ బ్యాచ్ క్వాంటిటీ. దీని లెక్కను 1913లో అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ హారిస్ ప్రకటించారు. సరుకు తయారవుతూ ఉండగానే కొంత ఖర్చయిపోతుందన్న సంగతిని 1918లో టాఫ్ట్ దానికి జోడించారు.

ప్లాస్టిక్ మూతలు పోసే యంత్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మూత రకం మారినప్పుడల్లా పాత మౌల్డును దించి కొత్తది బిగించాలి. లోపల మిగిలిన పాత రంగు ప్లాస్టిక్‌ను బయటికి తోసెయ్యాలి. వేడి కుదిరేదాకా వచ్చే మొదటి మూతలు తుక్కులోకే పోతాయి. ఈ సెటప్‌కు ఒక్కోసారి 1,600 రూపాయలు అవుతుందనుకుందాం. విడతలో ఆరువందలు చేసినా, ఆరువేలు చేసినా ఆ ఖర్చు మారదు. అందుకని పెద్ద విడతే మేలనిపిస్తుంది. కానీ అమ్ముడుపోని సరుకులో డబ్బు ఇరుక్కుంటుంది, గోదాములో చోటు పోతుంది, కొంత పాడవుతుంది. 20 రూపాయల మూత ఏడాది పాటు నిల్వ ఉంటే ఇవన్నీ కలిపి 4 రూపాయలు పడతాయనుకుందాం.

ఏడాదికి 36,000 మూతలు కావాలి. 300 పనిదినాల్లో రోజుకు 120 అమ్ముడవుతాయి. యంత్రం రోజుకు 600 పోస్తుంది. తయారీ నడిచే రోజుల్లో ప్రతి 600లోనూ 120 అప్పటికప్పుడే వెళ్లిపోతాయి కాబట్టి నిల్వలో చేరేది 80 శాతమే.

Q = √(2 × 36,000 × 1,600 ÷ (4 × 0.8)) = 6,000

అంటే ఏడాదికి ఆరు సెటప్‌లు, 9,600 రూపాయలు. నిల్వ అత్యధికంగా 4,800కు చేరుతుంది, సగటున 2,400 ఉంటుంది. దానికీ 9,600 రూపాయలే. మొత్తం 19,200. విడతను సగం చేసినా, రెట్టింపు చేసినా ఖర్చు 24,000కు పెరుగుతుంది. అదే 7,200 చేస్తే పెరిగేది 320 రూపాయలే. కాబట్టి ముడిసరుకు బస్తాలకో, షిఫ్టుకో సరిపోయేలా సంఖ్యను కాస్త అటూ ఇటూ జరిపినా నష్టం లేదు.

అసలు పొరపాటు సూత్రంలో కన్నా దానిలో వేసే అంకెల్లోనే ఎక్కువగా జరుగుతుంది. యంత్రం ఎలాగూ ఖాళీగా ఉండే గంటలనూ, ఎటూ ఇవ్వాల్సిన నెలజీతాన్నీ సెటప్ ఖాతాలో వేస్తే విడత అనవసరంగా ఉబ్బుతుంది. నిల్వకు బ్యాంకు వడ్డీ ఒక్కటే లెక్కేసినా అంతే. గోదాములో పాత మూతలు పేరుకుపోయి ఉంటే, ఆ అంకెలను మళ్లీ చూడాలి. గిరాకీ నెలనెలా బాగా మారే వస్తువుకు మాత్రం ఈ సూత్రం సరిపడదు, ఎందుకంటే అది అమ్మకం రోజూ ఒకేలా ఉంటుందన్న ఊహ మీద నిలిచింది.

సెటప్ ఖర్చును మార్చలేనిదిగా తీసుకోవడం ఇంకా పెద్ద పరిమితి. జపాన్‌లో షిగియో షింగో టయోటా కర్మాగారంలోని వెయ్యి టన్నుల ప్రెస్సుకు డై మార్చే సమయాన్ని నాలుగు గంటల నుంచి మూడు నిమిషాలకు తగ్గించారు. యంత్రం నడుస్తుండగానే చేయగల పనులను ముందే ముగించడం అందులో ముఖ్యమైన మెట్టు. మూతల యంత్రంలోనూ తరువాతి మౌల్డును ముందే వేడిచేసి పక్కన సిద్ధంగా పెట్టుకోవచ్చు. ఇలాంటి మార్పులతో సెటప్ 400 రూపాయలకు దిగితే సరైన విడత 3,000 అవుతుంది, ఏడాది ఖర్చు 9,600కు తగ్గుతుంది.